ఫొటోలో ఉబ్బిన జుట్టు అణచడం: అపోహలు – వాస్తవాలు

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో పసుపు గోడల ముందు పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలకు సముద్రపు గాలి తప్పదు. తేమకు జుట్టు ఉబ్బుతుంది, గాలికి పోగులు లేస్తాయి. ఫొటోషాప్‌లో లిక్విఫైతో అంచును లోపలికి నెట్టేస్తే సరిపోతుందన్నది చాలామంది నమ్మకం. కానీ అలా నెడితే వెనకున్న కిటికీ చట్రం కూడా వంగుతుంది, కన్ను మొదట పట్టేది దాన్నే. అందుకే ముందు జుట్టు చివర్లు ఆక్రమించిన చోట క్లోన్ స్టాంప్‌తో గోడను పూర్తిచేసి, ఆ శుభ్రమైన గోడను కింది లేయర్‌గా ఉంచాలి. తర్వాత పై లేయర్‌లో నుదురు, చెవులు కదలకుండా ఫ్రీజ్ మాస్క్ వేసి, ఉబ్బుకంటే పెద్ద బ్రష్‌తో, తక్కువ ప్రెజర్‌తో, కొద్దికొద్దిగా నెట్టాలి. వంగిన గోడను మాస్క్‌తో దాచేస్తే కింది గోడ బయటపడుతుంది. ఎక్కడ ఆగాలో శరీర నిర్మాణమే చెబుతుంది. ముఖం నేరుగా కెమెరా వైపు ఉంటే కళ్లు తల ఎత్తుకు దాదాపు సగంలో ఉంటాయి. కళ్ల నుంచి గడ్డానికి ఎంత దూరమో పైకి నడినెత్తికీ అంతే. జుట్టు పై అంచు నడినెత్తికంటే పైనే ఉండాలి, కిందికి దిగితే తల కోసినట్టుంటుంది.

లేచిన పోగులన్నీ తీసేస్తేనే నీటుగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. లేత పసుపు గోడ మీద నల్ల పోగులకు క్లోన్ స్టాంప్‌ను లైటెన్ మోడ్‌లో పెడితే గోడకంటే ముదురైనవే చెరుగుతాయి. ఉదయం బీచ్ రోడ్డులో వెనక వెలుగుకు మెరిసే పోగులు ముదురు నేపథ్యం మీద పడితే డార్కెన్ మోడ్ కావాలి. ముఖానికి అడ్డొచ్చినవీ, దూరంగా సాగినవీ తీసేసి, అంచుకు ఆనుకున్న పొట్టి పోగులను వదలాలి. కస్టమర్ శుభ్రంగా కావాలన్నా అవి ఉండాల్సిందే. లేకపోతే తలను కత్తిరించి గోడకు అతికించినట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ చెడేది నుదుటి అంచు, పాపిట. పలచగా కనిపించిన చోట నల్ల రంగు పూస్తే జుట్టు పెరిగినట్టుండదు, టోపీ పెట్టినట్టుంటుంది. నిజమైన అంచులో ముందు లేత, సన్నని వెంట్రుకలుంటాయి. వెనక్కి పోయేకొద్దీ అవి దట్టమవుతాయి, మధ్యలో చర్మం రంగు తొంగిచూస్తుంది. కాబట్టి అక్కడి నీడలోంచే గోధుమరంగు తీసుకుని, వేరే లేయర్ మీద, పది శాతంలోపు ఫ్లోతో మెల్లగా నీడ వేయాలి. ఆ పైన, వెంట్రుక మొలిచే దిశలోనే, చివరికి సన్నబడే గీతలు కొన్ని చాలు. పాపిటలో చర్మాన్ని మొత్తంగా కప్పకుండా దాని కాంతిని కొంచెం తగ్గిస్తే చాలు. ఫోన్ తెరమీద ఇంత సూక్ష్మం ఎవరు చూస్తారని అడగవచ్చు. బొమ్మ చిన్నదైతే మాయమయ్యేవి విడి వెంట్రుకలే. నలుపు, చర్మం కలిసే చోట రంగు ఒక్కసారిగా మారితే ఆ గీత అలాగే మిగులుతుంది. ఫొటోను బొటనవేలంత చేసి, రంగులు తీసేసి నలుపు తెలుపులో చూడండి. నుదుటి మీద గట్టి గీతలా ఏదైనా కనబడితే, నీడను లేయర్ మాస్క్‌తో పలచన చేయాల్సింది అక్కడే.