లక్ష కోట్ల బైట్లు 931 జీబీ ఎలా అయ్యాయి?

కొత్తగా కొన్న ఒక టీబీ హార్డ్ డిస్క్‌ని విండోస్ కంప్యూటర్‌కి తగిలించి చూస్తే, స్క్రీన్ మీద 931 GB అని వస్తుంది. పెట్టె మీద 1 టీబీ అని స్పష్టంగా ఉంటే, దాదాపు 70 జీబీ ఎటు పోయిందని ఎవరికైనా అనుమానం వస్తుంది. షాపులో అడిగితే ‘‘ఫార్మాటింగ్‌కి పోతుందండీ’’ అంటారు. ఆ జవాబు సరైనది కాదు. ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకోవడానికి విండోస్ కొంత చోటు తీసుకునే మాట నిజమే గానీ, ఖాళీ డిస్క్ మీద అది ఒక జీబీ కూడా ఉండదు. ఆ 70 జీబీ తేడాకి అసలు కారణం, తయారీదారు వాడిన కొలత ఒకటి, విండోస్ వాడే కొలత మరొకటి కావడం.

మన లెక్కల్లోనే చూద్దాం. డిస్క్ తయారుచేసేవాళ్లకి కిలో అంటే వెయ్యి, మెగా అంటే పది లక్షలు, గిగా అంటే వంద కోట్లు, టెరా అంటే లక్ష కోట్లు. కాబట్టి ఒక టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. వాళ్లు ఇస్తున్నది కూడా అంతే, నిజానికి ఇంకాస్త ఎక్కువే. విండోస్ మాత్రం ప్రతి మెట్టులోనూ వెయ్యికి బదులు 1024తో గుణిస్తుంది. 1024ని మూడుసార్లు వేసి గుణిస్తే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 వస్తుంది. విండోస్ దృష్టిలో ఒక జీబీ అంటే అన్ని బైట్లు. ఇప్పుడు లక్ష కోట్లను ఈ సంఖ్యతో భాగించండి. 931 వస్తుంది.

లినక్స్ వాడేవాళ్లు `sudo fdisk -l` అని కొడితే ఈ రెండు కొలతలూ ఒకే వరుసలో కనబడతాయి. ఒక టీబీ డిస్క్‌కి వచ్చే వరుస ఇలా ఉంటుంది:

```
Disk /dev/sda: 931.51 GiB, 1000204886016 bytes, 1953525168 sectors
```

చివర ఉన్న సెక్టార్ల సంఖ్యను 512తో గుణిస్తే మధ్యలో ఉన్న బైట్ల సంఖ్య వస్తుంది. ఈ 1953525168 ఏదో ఒక కంపెనీ సొంత లెక్క కాదు. ఒక టీబీ డిస్క్‌లో ఎన్ని సెక్టార్లు ఉండాలో డిస్క్ పరిశ్రమ ఉమ్మడిగా ఒక సూత్రం పెట్టుకుంది, అందుకే వేర్వేరు కంపెనీల డిస్కుల లేబుళ్ల మీద కూడా LBA అనే మాట పక్కన ఇదే సంఖ్య కనబడుతుంది.

మరి ఈ 1024 ఎక్కడినుంచి వచ్చింది? మెమరీ చిప్పుల నుంచి. ర్యామ్‌లో ప్రతి గడికీ ఒక చిరునామా ఉంటుంది, ఆ చిరునామాను మోసే తీగల్లో ఒక్కోదానికీ రెండే స్థితులు. పది తీగలుంటే రెండుని పదిసార్లు గుణించినన్ని, అంటే 1024 గడులను పిలవచ్చు. వెయ్యి గడుల దగ్గర ఆపితే మిగతా 24 చిరునామాలు వృథా అవుతాయి. అందుకని మెమరీ ఎప్పుడూ రెండు రెట్లు, నాలుగు రెట్లు, ఎనిమిది రెట్లుగా పెరుగుతూ వచ్చింది, 1024 వెయ్యికి దగ్గర్లో ఉంది గదా అని ఇంజినీర్లు దాన్నే కిలో అనేశారు. హార్డ్ డిస్క్‌కి ఆ అవసరం లేదు. పళ్లేలు ఎన్ని, ఒక్కో పళ్లెం మీద వలయాలు ఎన్ని, వలయానికి సెక్టార్లు ఎన్ని అన్నదాన్ని బట్టి దాని సామర్థ్యం ఉంటుంది. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్క్ యంత్రం సామర్థ్యాన్ని యాభై లక్షల అక్షరాలని మామూలు దశాంశ లెక్కలోనే చెప్పారు. ఒకప్పుడు ఊరికో తూకంతో సేరు ఉన్నట్టు, ఒకే కంప్యూటర్‌లో జీబీకి రెండు తూకాలు కుదురుకున్నాయి. ల్యాప్‌టాప్ స్టిక్కర్ మీద ‘8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ’ అని ఉంటే, మొదటి జీబీ 107 కోట్లది, రెండోది వంద కోట్లది. ఆ 512 విండోస్‌లో 476గా కనబడేది అందుకే. అందులోంచి మళ్లీ రికవరీ పార్టిషన్లకి పోయాక సీ డ్రైవ్ ఇంకా తగ్గుతుంది, అది వేరే సంగతి.

కిలోబైట్ల రోజుల్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు, రెండు శాతం పైచిలుకే కాబట్టి. కానీ ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ 1024 మరోసారి గుణకంలో చేరుతుంది. మెగా దగ్గర దాదాపు ఐదు శాతం, గిగా దగ్గర ఏడు, టెరా దగ్గర దాదాపు పది శాతం. అందుకే 4 టీబీ డిస్క్ విండోస్‌లో 3.63 TB అంటుంది.

ఈ గందరగోళాన్ని తీర్చడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1024 లెక్కకి వేరే పేర్లు పెట్టింది: కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్, టెబిబైట్. పైన fdisk చూపించిన GiB ఇదే. 2009లో ఆపిల్ తన మాక్ కంప్యూటర్లలో డిస్కులకీ ఫైళ్లకీ వెయ్యి లెక్కకి మారింది, కాబట్టి అదే డిస్క్ మాక్‌లో 1 టీబీ అనే కనబడుతుంది. విండోస్ మాత్రం 1024తో లెక్కవేసి పక్కన పాత పేరే, GB అనే రాస్తుంది. నా ఉద్దేశంలో తప్పు ఇక్కడే ఉంది. లెక్క ఏదైనా ఫర్వాలేదు, ఆ G పక్కన ఒక చిన్న i చేర్చి ఉంటే ఇన్నేళ్లుగా ఇంతమంది మోసపోయామని బాధపడేవాళ్లు కాదు. అమెరికాలో ఈ తేడా మీద డిస్క్ కంపెనీల పైన కేసులు కూడా నడిచాయి. ఇప్పుడు పెట్టె మీద సన్న అక్షరాల్లో ‘ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది, కొనేవాళ్లలో దాన్ని చదివేవాళ్లు తక్కువ.

ఈ తేడా వల్ల నిజంగా చిక్కు వచ్చే సందర్భం ఒకటి చెప్తాను. పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలో మాక్ ఉంటుంది. మొత్తం ఫుటేజ్ 400 జీబీ అని చూసి, డిస్క్‌లో వేసి ఇస్తారు. ఇంటికొచ్చి విండోస్‌లో చూస్తే 372 జీబీయే ఉంటుంది. ముహూర్తం క్లిప్పులు మిస్సయ్యాయేమోనని కంగారు పడతారు. ఇలాంటప్పుడు జీబీలను వదిలేసి బైట్లను పోల్చాలి. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి Properties తెరిస్తే, Size అన్నచోట జీబీ పక్కనే బ్రాకెట్లలో పూర్తి బైట్ల సంఖ్య ఉంటుంది. మాక్‌లో Get Info లోనూ ఉంటుంది. ఆ రెండు సంఖ్యలూ, ఫైళ్ల సంఖ్యా సరిపోతే ఏదీ పోలేదన్నమాట. పార్టిషన్ చేసేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. విండోస్ Disk Management మెగాబైట్లలో అడుగుతుంది. అక్కడ 100000 అని కొడితే 97.65 GB పార్టిషన్ వస్తుంది. సరిగ్గా 100 కావాలంటే 102400 కొట్టాలి.

ఇక 931 కనబడింది కాబట్టి డిస్క్ అసలుదే అని నమ్మడానికి మాత్రం లేదు. కారుచౌకగా అమ్మే ఒక టీబీ, రెండు టీబీ పెన్ డ్రైవ్‌లలో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. లోపల ఉండేది 32 జీబీయో 64 జీబీయో చిప్. దాన్ని నడిపే కంట్రోలర్‌ని మాత్రం కంప్యూటర్‌తో పెద్ద సంఖ్య చెప్పేలా మార్చి పెడతారు. కాపీ చేస్తే బాగానే ఎక్కినట్టు ఉంటుంది, ఫైళ్ల పేర్లూ కనబడతాయి, అసలు చోటు నిండాక ఎక్కించినవి మాత్రం తెరుచుకోవు. దీన్ని పట్టుకోవాలంటే డ్రైవ్ మొత్తం నింపి, రాసింది రాసినట్టు తిరిగొస్తోందో లేదో చదివి చూడాలి. విండోస్‌లో H2testw, లినక్స్‌లో, మాక్‌లో F3 అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పని చేసిపెడతాయి. పెద్ద డ్రైవ్ అయితే గంటలు పడుతుంది. అయినా కొన్న వారంలోనే, వాపసు గడువు దాటకముందే, ఇంకా ఫోటోలేవీ అందులోకి ఎక్కించకుండా ఈ పరీక్ష చేసేయడం మంచిది.