పెళ్లి బ్లౌజు ఆలస్యమైతే టైలరు ఏం రాయాలి?

"అమ్మా, నమస్తే. పాప బ్లౌజు బుధవారం ఇస్తానన్నాను, ఇవ్వలేకపోతున్నాను. మగ్గం వర్కు అయిపోయింది. ఫ్రేము నుంచి దించి కొలిస్తే చేతి లూజు 11½ అంగుళాలు ఉండాల్సింది 11 వచ్చింది. ఇలాగే కుట్టేస్తే చెయ్యి పట్టేస్తుంది. కచ్చా కుట్టు వేసి ఉంచుతాను, శుక్రవారం సాయంత్రం పాపను తీసుకుని రండి. పెళ్లినాటి చీర, లోపల వేసుకునేవీ తెచ్చుకోండి. సోమవారం హుక్కులతో సహా ఇచ్చేస్తాను. అప్పటికి పెళ్లి ఇంకా పది రోజులుంటుంది."

ఓ టైలరు పెళ్లికూతురి తల్లికి ఇలా రాశాడనుకుందాం. "కరెంటు లేదు, పనివాడు ఊరెళ్లాడు" అనే మామూలు పాట ఇందులో లేదు. ఏం జరిగిందో అంకెతో చెప్పాడు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది.

ఆ అరంగుళం ఎటు పోయింది? మగ్గం పనికి గుడ్డను ముందు కత్తిరించరు. బ్లౌజు ముక్కల ఆకారం గీసి, గుడ్డను ఫ్రేముకు బిర్రుగా లాగి కట్టి, ఆ గీతల లోపల జరీ, పూసలు, కుందన్లు కుడతారు. వేల కుట్లు దారాన్ని బిగించి పట్టుకుంటాయి. ఫ్రేము విప్పగానే గుడ్డ లోపలికి ముడుచుకుంటుంది. పని ఎంత దట్టంగా ఉంటే ముడత అంత ఎక్కువ. అందుకే మొదటి ట్రయల్‌లో ఉత్త లైనింగ్ గుడ్డ అతికినట్టు సరిపోయినా, వర్కు చేసిన చెయ్యి బిగుతు కావచ్చు. పైగా ఈలోగా పెళ్లికూతురు సన్నబడవచ్చు, బొద్దుగా కావచ్చు.

రెండో ట్రయల్‌లో అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏమీ తెలియదు. తలంబ్రాలు పోసేటప్పటిలా చేతులు పైకెత్తాలి, పీటల మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. చంక దగ్గర గుడ్డ అడ్డంగా గీతలు పడితే బిగుతు. వెనక మెడ వీపుకు ఆనకుండా లేస్తుంటే భుజాల దగ్గర సరిచేయాలి.

చేతి సంగతికొస్తే, రెండు అంచుల్లోనూ అంగుళం చొప్పున మార్జిన్ వదిలి ఉంటే, చెరో పావు అంగుళం వదులు చేస్తే పోయిన అరంగుళం తిరిగొస్తుంది. అక్కడ వర్కు లేని సన్నని చార కనిపిస్తుంది కానీ, అది చంక కింది భాగం, ఎవరి కంటా పడదు. బిగించాల్సి వస్తేనే చిక్కు: కుట్టు దారిలో పడే పూసలు ముందు తీసేయాలి, లేకపోతే మిషను సూది విరుగుతుంది. ఇక వెనక మెడ లోతు మార్చమంటే ఏ టైలరూ ఏమీ చేయలేడు, డిజైన్ ఆ గీత చుట్టూనే అల్లి ఉంటుంది.

శుక్రవారం రావడం కుదరకపోతే ఆ తల్లి అడగాల్సింది ఒక్కటే: మార్జిన్ కత్తిరించవద్దని, పక్క కుట్లు పాప వచ్చేదాకా కచ్చాగానే ఉంచమని.