బ్రోచ్ వయసు దాని వీపు మీద

1950ల నాటి అమెరికన్ ఫ్యాషన్ నగల్లో వాడిందంతా ఎక్కువగా పూత పూసిన లోహం, గాజు రాళ్లే. అయినా సేకరించేవాళ్లు ముందుగా నగను వెనక్కి తిప్పి చూస్తారు.

ట్రిఫారి కంపెనీ బ్రోచ్ ఒకటి తీసుకుందాం. భూతద్దంలో చూస్తే వెనక కంపెనీ పేరు, అందులో టి అక్షరం మీద చిన్న కిరీటం కనిపిస్తాయి. పక్కనే సున్నాలో సి అక్షరం, అంటే కాపీరైట్ గుర్తు ఉంటే, అది చాలావరకు 1955లోనో ఆ తర్వాతో చేసినది. ఇలాంటి నగల డిజైన్లకూ కాపీరైట్ వర్తిస్తుందని ట్రిఫారి వేసిన దావాలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు చెప్పింది ఆ ఏడాదే. అంతకుముందు చాలా నగల మీద పేటెంట్‌కు దరఖాస్తు పెట్టామన్న ముద్ర ఉండేది.

తర్వాత రాళ్లు. మంచి పనితనంలో ప్రతి రాయినీ చిన్న లోహపు కొక్కేలు పట్టి ఉంచుతాయి. చవక రకాల్లో, చిన్న రాళ్లకు, జిగురుతో అతికిస్తారు. రాయి వెనక మెరుపు రేకు ఉంటుంది. తడి తగిలితే అది నల్లబడి రాయి మసకేస్తుంది. అందుకే ఈ నగల్ని నీళ్లలో ముంచి కడగకూడదు.

చివరగా పిన్ను. తాళం లేని వట్టి కొక్కెం పాత పద్ధతి, తిప్పితే మూసుకునే గొళ్లెం తర్వాతది. అయితే పిన్ను విరిగితే మార్చేస్తారు. గొళ్లెం చుట్టూ టంకం మరక కనిపిస్తే దాన్నిబట్టి వయసు కట్టొద్దు, ముద్రనే నమ్మండి.