వైకల్య శాతం – క్రీడా తరగతి : పారా అథ్లెటిక్స్ వర్గీకరణ ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైకల్య ధ్రువపత్రంలోని శాతానికీ, పారా క్రీడలలో క్రీడాకారునికి కేటాయించే తరగతికీ మధ్య నేరుగా సంబంధం లేదు. ఈ రెండు కొలమానాలు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. పొట్టి ఆకృతి, బౌద్ధిక వైకల్యం అనే రెండు సందర్భాలను తెలుగు క్రీడాకారుల ఉదాహరణలతో పరిశీలించి ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపోద్ఘాతం:
గోదావరి జిల్లాలలో వైకల్యం అనగానే మొదట వినిపించే మాట ‘సదరం’. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు వంటి పట్టణాలలోని ప్రభుత్వ ఆసుపత్రులలో జరిగే సదరం శిబిరంలో వైద్యులు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. ఆ శాతం 40కి చేరితే పింఛను మొదలైన సదుపాయాలకు అర్హత వస్తుంది. అందువల్ల తమ బిడ్డను ఆటలలో చేర్చదలచిన తల్లిదండ్రులు, వారికి దారి చూపవలసిన వ్యాయామోపాధ్యాయులు కూడా ఆ శాతాన్నే ఆధారంగా తీసుకోవడం సహజం. శాతం ఎక్కువైతే తేలికైన పోటీ దొరుకుతుందనీ, 40 కన్నా తక్కువైతే అసలు అవకాశమే లేదనీ భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు.

వర్గీకరణ అడిగే ప్రశ్నలు:
పారాలింపిక్ వర్గీకరణ వరుసగా మూడు ప్రశ్నలు వేస్తుంది. ఆ వ్యక్తికి ఉన్నది గుర్తింపు పొందిన పది రకాల వైకల్యాలలో ఒకటా? అది ఆ క్రీడకు నిర్దేశించిన కనీస ప్రమాణాన్ని చేరుతున్నదా? చేరితే, ఆ క్రీడలోని చలనాలను అది ఎంతమేరకు పరిమితం చేస్తున్నది? మూడవ ప్రశ్నకు వచ్చే సమాధానమే తరగతి. అథ్లెటిక్స్‌లో పరుగు, దూకుడు అంశాలకు ‘టి’, విసురుడు అంశాలకు ‘ఎఫ్’ అక్షరాన్ని సంఖ్యకు ముందు చేర్చుతారు.

మొదటి ప్రశ్న దగ్గరే ఒక విశేషం కనిపిస్తుంది. వినికిడి లోపం ఆ పదింటిలో లేదు. ధ్రువపత్రంలో నూరు శాతం ఉన్న బధిర బాలికకు పారాలింపిక్స్‌లో తరగతి లేదు. ఆమె వేదిక డెఫ్లింపిక్స్. శాతం ఎంత ఉన్నా మొదటి ప్రశ్నను దాటించలేదు.

పొట్టి ఆకృతి – ఒక లెక్క:
అనకాపల్లి జిల్లాకు చెందిన రవి రొంగలి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో పురుషుల ఎఫ్40 షాట్‌పుట్‌లో 10.63 మీటర్లు విసిరి ఐదవ స్థానంలో నిలిచారు. పొట్టి ఆకృతి గలవారికి ఎఫ్40, ఎఫ్41 అనే రెండు తరగతులున్నాయి. పురుషులకు ఎఫ్40లో నిలబడిన ఎత్తు 130 సెంటీమీటర్లకు, చేయి పొడవు 59 సెంటీమీటర్లకు, ఈ రెండింటి మొత్తం 180 సెంటీమీటర్లకు మించరాదు. ఎఫ్41లో ఈ హద్దులు వరుసగా 145, 66, 200 సెంటీమీటర్లు. మూడు షరతులూ ఏకకాలంలో నెరవేరాలి. విసురుడులో చేయి ఒక మీటకోలగా పనిచేస్తుంది కనుక ఎత్తుతోపాటు దానినీ కొలుస్తారు.

ఊహకు ఒక యువకుని తీసుకుందాం. అతని ఎత్తు 128, చేయి పొడవు 54 సెంటీమీటర్లు. విడివిడిగా చూస్తే రెండూ ఎఫ్40 హద్దులలోనే ఉన్నాయి. మొత్తం మాత్రం 182. అందువల్ల అతడు ఎఫ్41లో, అంటే 145 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఉన్నవారితో పోటీ పడవలసి ఉంటుంది. ఎత్తును మాత్రమే చూసి ఎఫ్40 దూరాలను లక్ష్యంగా పెట్టుకున్న శిక్షకుడు ఇక్కడే పొరపడతాడు.

అదే యువకుని ధ్రువపత్రం చూద్దాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 4 అడుగుల 10 అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లు, లేదా అంతకన్నా తక్కువ ఎత్తు మరుగుజ్జుతనానికి హద్దు. ఆపై తగ్గిన ప్రతి అంగుళానికి 4 శాతం చొప్పున లెక్కించడం మదింపు పద్ధతి. 19 సెంటీమీటర్ల తగ్గుదల సుమారు ఏడున్నర అంగుళాలు. శాతం దాదాపు 30. ఎముకల వంకరలు వంటివి ఉంటే వాటిని వేరుగా కలుపుతారు. అవి లేకపోతే అతనికి 40 శాతం రాదు. సంక్షేమ దృష్టిలో హద్దుకు వెలుపల ఉన్న వ్యక్తి క్రీడా దృష్టిలో పూర్తి అర్హుడు.

బౌద్ధిక వైకల్యం – కొలబద్ద లేని చోట:
వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 సెప్టెంబరులో పారిస్‌లో మహిళల 400 మీటర్ల టి20 పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం పొందారు. స్వర్ణం గెలిచిన క్రీడాకారిణికీ ఆమెకూ మధ్య తేడా 0.66 సెకను. ఇంత సన్నని తేడాలో, పక్క వరుసలోని వ్యక్తి నిజంగా అర్హురాలేనా అన్నది ప్రధానమైన ప్రశ్న అవుతుంది.

ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. 2000 సిడ్నీ క్రీడలలో బౌద్ధిక వైకల్య విభాగపు బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులోని 12 మందిలో 10 మందికి ఆ వైకల్యమే లేదని తేలింది. ఫలితంగా 2004, 2008 పారాలింపిక్స్‌లో ఈ విభాగం మొత్తం లేకుండా పోయింది. మోసం చేసినది కొందరు. ఎనిమిదేళ్లకు పైగా ఎదురుచూసినవారు నిజమైన అర్హులు. 2012 లండన్‌లో ఇది తిరిగి ప్రవేశించింది, అదీ రెండంచెల పరిశీలనతో. మొదటి అంచెలో ప్రజ్ఞాసూచి 75 లేదా అంతకు తక్కువ అనీ, దైనందిన జీవన నైపుణ్యాలలో గణనీయమైన పరిమితి ఉన్నదనీ, అది ఎదుగుదల వయసులోనే మొదలైందనీ పత్రాలతో నిరూపించాలి. రెండవ అంచెలో ఆ పరిమితి క్రీడపై ప్రభావం చూపుతున్నదా అని పరీక్షిస్తారు. ప్రతిస్పందన వేగం, జ్ఞాపకం, తార్కికత వంటివి ఇందులో ఉంటాయి. పరుగులో బలాన్ని ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ వెచ్చించాలో నిర్ణయించుకోవడం కూడా బుద్ధి చేసే పనే కనుక ఈ పరీక్షలకు అర్థం ఉంది.

దీనికొక పరిమితి ఉంది. టి20లో ఉపతరగతులు లేవు. మన మదింపులో 50 శాతంగా నమోదయ్యే స్వల్ప స్థాయివారూ, 75 శాతంగా నమోదయ్యే మధ్యమ స్థాయివారూ ఒకే పరుగులో నిలబడాలి. డౌన్ సిండ్రోమ్ గలవారికి కండరాల పట్టు తగ్గడం వంటి శారీరక ఇబ్బందులు అదనంగా ఉన్నా, వారికి ప్రత్యేక తరగతి లేదు. స్పెషల్ ఒలింపిక్స్ పద్ధతి ఇందుకు భిన్నమైనది. అక్కడ ప్రాథమిక పోటీలలో కనబరచిన సామర్థ్యాన్ని బట్టి దగ్గరి స్థాయివారిని ఒక జట్టుగా చేరుస్తారు. పారాలింపిక్ వర్గీకరణ సామర్థ్యాన్ని కాక, వైకల్య ప్రభావాన్ని కొలుస్తుంది. బాగా శిక్షణ పొంది వేగం పెంచుకున్నందుకు ఎవరినీ పై తరగతికి మార్చదు. ఒక పద్ధతి పాల్గొనడాన్ని విస్తృతం చేస్తుంది, మరొకటి శ్రమకు ఫలితాన్ని కాపాడుతుంది.

ముగింపు:
పై పరిశీలన నుండి డెల్టా ప్రాంతపు ఉపాధ్యాయునికి ఒక క్రమం లభిస్తుంది. శాతానికి ముందు వైకల్య రకాన్ని చూడాలి. పొట్టి ఆకృతి గల విద్యార్థికి ఎత్తుతోపాటు చేయి పొడవును, రెండింటి మొత్తాన్ని నమోదు చేయాలి; ఎదిగే వయసులో ఆ కొలతలు మారతాయి కనుక వచ్చిన తరగతిని శాశ్వతమని భావించరాదు. బౌద్ధిక వైకల్యం గల విద్యార్థి విషయంలో బాల్యం నాటి పాఠశాల పత్రాలు, మానసిక నిపుణుల నివేదికలు జాగ్రత్తపరచాలి. వైకల్యం ఎదుగుదల వయసులోనే మొదలైందని చూపవలసి వచ్చిన రోజున, అంతకు ముందే రాసి ఉంచిన కాగితమే సాక్ష్యమవుతుంది.