పిలవడానికి ఒక మనిషి

ప్రవాస జీవితం మీద వస్తున్న మన కథల్లో ఒంటరితనం చాలావరకు ఊరి బెంగగానే కనిపిస్తుంది. గోంగూర పచ్చడి, సంక్రాంతి ముగ్గు, అమ్మ పిలుపు - ఈ జ్ఞాపకాలతో కథ మొదలై వీటితోనే ముగుస్తుంది. ఆ బెంగ అబద్ధం కాదు. అయితే ఇవాళ అమెరికాలో డల్లాస్ శివార్లలో గోంగూర దొరుకుతుంది, ముగ్గుల పోటీలూ జరుగుతాయి. అన్నీ ఉన్నచోట కూడా మనిషి ఒంటరిగా ఎందుకు మిగిలాడన్నది అసలు ప్రశ్న. దీనికి సమాధానం అతని మనసులో మాత్రమే వెతికితే దొరకదు. అతని బతుకు పరిస్థితుల్లో వెతకాలి.

నా దగ్గర పదో తరగతి చదువుకున్న ఒక కుర్రవాడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ముప్పై దాటాయి. శుక్రవారం రాత్రి ఎవరింట్లోనో విందు, తలా ఒక వంట చేసుకొస్తారు. శనివారం క్రికెట్టు, ఆదివారం గుడి, లేకపోతే ఎవరి బిడ్డదో పుట్టినరోజు. ఆమధ్య కడుపునొప్పికి ఎండోస్కోపీ చెయ్యాలన్నారు డాక్టర్లు. మత్తిచ్చి చేసే పరీక్ష కనుక, తర్వాత ఇంటికి తీసుకువెళ్ళడానికి తెలిసిన మనిషి ఒకరు వెంట ఉండాలన్నారు; టాక్సీలో ఒక్కడినే పంపమన్నారు. ఫోనులో మూడువందల పేర్లున్నా ఆ ఒక్క మనిషి కోసం అతను రెండుసార్లు పరీక్ష వాయిదా వేసుకున్నాడు.

"రానన్న వాళ్ళెవరూ లేరు మాస్టారూ, నేనే అడగలేకపోయాను" అన్నాడు నాతో. ఒకడు తన టీములోనే పనిచేస్తాడు. జబ్బు సంగతి ఆఫీసులో తెలిస్తే, ఉద్యోగాలు తీసేసేటప్పుడు తన పేరు ముందుంటుందేమోనని భయం. ఇంకొకరి ఇంట్లో పసిబిడ్డ. గదిలో ఉండేవాడు సెలవు పెట్టాలి. ఈ కారణాలన్నీ సబబైనవే. కాని వాటిని కూడితే తేలేదేమిటంటే, చొరవగా అడిగే హక్కు ఉన్న మనిషి ఒక్కరూ లేరని.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో వెలువరించిన పుస్తకంలో ఒంటరితనం రెండు రకాలని వివరించాడు. నలుగురితో కలివిడి లేకపోవడం ఒకటి. మనసిచ్చి ఆనుకోగల మనిషి లేకపోవడం రెండోది. మొదటిదానికి మందు రెండోదానికి పనిచెయ్యదు. మన కుర్రవాడు రెండోదానితో బాధపడుతూ మొదటిదానికి మందు మింగుతున్నాడు. విందులెన్ని పెరిగినా లోటు తీరకపోవడానికి కారణం ఇదే.

మరి అంత దగ్గరితనం ఎందుకు పెరగలేదు? ఇక్కడ వీసా సంగతి చూడాలి. హెచ్-1బి వీసా మనిషిని యజమానికి కట్టేస్తుంది. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లోగా ఇంకో యజమాని అతని కోసం దరఖాస్తు పెట్టాలి. లేదా వేరే వీసా దారి చూసుకోవాలి, లేదా దేశం విడిచిపోవాలి. శాశ్వత నివాసానికి ఏటా ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటం వల్ల మనవాళ్ళ వరస ఏళ్ళ తరబడి కదలదు. చుట్టూ ఉన్న స్నేహితులూ అదే వృత్తిలో, అదే వరసలో నిలబడ్డవాళ్ళే. ఎవరు ఎప్పుడు ఏ ఊరు మారతారో తెలియదు. అందుకే విందుల్లో మాటలన్నీ వీసాలు, ఇళ్ళ ధరలు, ఉద్యోగాల కోతల చుట్టూనే తిరుగుతాయి. తన బలహీనత బయటపెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. శ్రమ నుంచీ తోటి మనిషి నుంచీ కూడా మనిషి పరాయివాడవుతాడని 1844 రాతప్రతుల్లో మార్క్స్ చెప్పింది ఫ్యాక్టరీ కార్మికుణ్ణి చూసి. మంచి జీతం వచ్చేవాడికి అది వర్తించదనుకోవడం పొరపాటు.

ఇక ఇంటి ఫోను. అక్కడ రాత్రి తొమ్మిదైతే వేసవిలో మనకు మర్నాడు ఉదయం ఏడున్నర. అమ్మ "తిన్నావా నాన్నా?" అంటుంది. "తిన్నానమ్మా" అంటాడు. కడుపునొప్పి మాట ఎత్తడు. నాన్నగారి రక్తపోటు మాట ఆవిడా ఎత్తదు. ఒకరినొకరు కలవరపెట్టకూడదన్న ప్రేమే ఇద్దరి మధ్యా గోడ కడుతోంది.

చివరికి మూడోసారి గదిలో ఉండేవాణ్ణే అడిగాడు. అతను సెలవు పెట్టి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో చెప్పాడు - కిందటేడు తన తండ్రి పోయాడని, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోవడంతో, వెళితే తిరిగి రానిస్తారో లేదోనని వెళ్ళలేదని, దహనం ఫోనులో చూశానని. ఆ వారం కూడా శుక్రవారం విందుకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. మూడేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నా వీడికి ఆ సంగతి తెలియదు.

ఈ ఇద్దరికీ మధ్య ఆ రోజు మొదలైన స్నేహం వీసా చట్టాన్ని మార్చదు. రేపు ఒకడికి ఉద్యోగం పోతే అది కూడా చెదిరిపోవచ్చు. అయినా మన కథకులు చూడవలసిన చోటు ఆ కారే. ఊరి జ్ఞాపకం దగ్గర ఆగిపోయే కథ, ఆ తండ్రి చావును కొడుకు ఏడాదిపాటు ఎందుకు దాచుకోవలసి వచ్చిందో చెప్పలేదు.