జీతంతో పాటు పెరిగే పొదుపు ఇవాళ ఎంత చేస్తుంది?

పే స్లిప్‌లో పీఎఫ్ కోత అంకెను చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. బేసిక్, డీఏ కలిపి నెలకు 50,000 రూపాయలు ఉంటే, అందులో 12 శాతం చొప్పున 6,000 పోతుంది. ఏడాదికి 72,000. ఇంకా 25 ఏళ్ల సర్వీసు ఉంది కదా అని దాన్ని 25తో హెచ్చవేసి 18 లక్షలని తేల్చేస్తే లెక్క రెండు చోట్ల తప్పుతుంది. జీతం పెరిగేకొద్దీ కోతా పెరుగుతుంది. పైగా పాతికేళ్ల తర్వాత కట్టే రూపాయికి ఇవాళ్టి రూపాయి విలువ ఉండదు.

రెండో సంగతి ముందు చూద్దాం. పీఎఫ్ వడ్డీ 2023-24లో 8.25 శాతం. లెక్క తేలికగా ఉండాలని 8 అనుకుందాం. ఇవాళ 100 వేస్తే ఏడాదికి 108 అవుతుంది. కాబట్టి ఏడాది తర్వాతి 108కి ప్రస్తుత విలువ 100. ఏడాది తర్వాతి మొత్తాన్ని 1.08తో ఒకసారి, రెండేళ్ల తర్వాతి దాన్ని రెండుసార్లు భాగించాలి.

ఇప్పుడు జీతం ఏటా 6 శాతం పెరుగుతుందనుకోండి. కట్టే సొమ్ము మొదటి ఏడాది 72,000, రెండో ఏడాది 76,320, మూడో ఏడాది 80,899. ఒక్కో దాన్ని ఇవాళ్టి విలువలోకి మారిస్తే 66,667, 65,432, 64,220 వస్తాయి. పెంపు పైకి లాగుతుంటే వడ్డీ కిందికి లాగుతోంది. అందుకే ఒక్కో ఏటి విలువ ముందుదానికన్నా రెండు శాతం లోపే తగ్గుతోంది. ప్రతి పదాన్నీ 1.06/1.08తో గుణిస్తే తర్వాతి పదం వస్తుంది. బడిలో చదువుకున్న గుణశ్రేఢే ఇది.

మొదటి ఏటి సొమ్ము C, వడ్డీ r, పెంపు g, ఏళ్లు n అనుకుందాం. నిష్పత్తి k = (1+g)/(1+r).

PV = C/(1+r) + C/(1+r)·k + … + C/(1+r)·kⁿ⁻¹

రెండు వైపులా kతో గుణిస్తే పదాలన్నీ ఒక్కో అడుగు జరుగుతాయి. మొదటి వరుసలోంచి ఈ వరుసను తీసేస్తే మధ్యలోవన్నీ కొట్టుకుపోయి, మొదటిదీ చివరిదీ మిగులుతాయి.

PV·(1−k) = C/(1+r)·(1−kⁿ)

1−k అంటే (r−g)/(1+r). రెండు వైపులా ఉన్న (1+r) పోతే:

PV = C/(r−g)·[1 − ((1+g)/(1+r))ⁿ]

మన అంకెలు వేద్దాం. 1.06/1.08కి 25వ ఘాతం 0.6267. ఒకటిలోంచి తీస్తే 0.3733, దాన్ని 0.02తో భాగిస్తే సుమారు 18.67. 72,000తో గుణిస్తే దాదాపు 13.44 లక్షలు. సరిచూసుకోవాలంటే ఇంత సొమ్మును ఇవాళే 8 శాతానికి 25 ఏళ్లు వదిలేయండి. సుమారు 92 లక్షలవుతుంది. ఏటా పెంచుకుంటూ కట్టినా చివరికి చేరేది అక్కడికే. ఇదంతా ఏడాది చివర ఒక్కసారి కట్టే లెక్క. పీఎఫ్ నెలనెలా పడుతుంది, వడ్డీ కూడా నెలవారీ నిల్వ మీదే లెక్కగడతారు కాబట్టి అసలు విలువ ఇంకో మూడు, నాలుగు శాతం ఎక్కువే ఉంటుంది.

r, g సమానమైతే సూత్రంలో సున్నాతో భాగించాల్సి వస్తుంది. కంగారు పడక్కర్లేదు. అప్పుడు ప్రతి పదమూ C/(1+r) అవుతుంది కాబట్టి దాన్ని nతో గుణిస్తే చాలు, 16.67 లక్షలు. పెంపు వడ్డీని మించినా సూత్రం పనిచేస్తుంది. కింద, పైన రెండు చోట్లా రుణ గుర్తు వచ్చి పోతుంది. 10 శాతం పెంపుకు దాదాపు 21 లక్షలు వస్తుంది.

అసలు చిక్కు gతోనే. అక్కడ చాలామంది తమ ఇంక్రిమెంటు శాతాన్ని వేసేస్తారు. వేయాల్సింది పీఎఫ్ కోత ఏటా ఎంత పెరుగుతోందో ఆ శాతం. ప్రైవేటు కంపెనీల్లో పెంపులో పెద్ద భాగం స్పెషల్ అలవెన్సులోకి వెళ్లిపోయి, బేసిక్ కదలకపోవడం మామూలే. కొన్ని కంపెనీలు 2014 సెప్టెంబరులో నిర్ణయించిన 15,000 రూపాయల వేతన పరిమితి మీదే 12 శాతం, అంటే నెలకు 1,800 కడతాయి. పరిమితి మారనంతకాలం అక్కడ g సున్నా. అదే 25 ఏళ్లకు, అదే 8 శాతానికి లెక్క వేస్తే వచ్చేది సుమారు 2.31 లక్షలు. జీతం ఎంత పెరిగినా ఆ అంకె మారదు. మిగతా డబ్బు చేతికొస్తుంది నిజమే, కానీ అది పొదుపవుతుందన్న హామీ ఏమీ లేదు.

అందుకే ఆఫర్ లెటర్ మీద సంతకం చేసే ముందు మొత్తం ప్యాకేజీ చూసి ఆగిపోకండి. బేసిక్ ఎంత, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కడతారా లేక పరిమితి మీదేనా, ఇంక్రిమెంటులో ఎంత భాగం బేసిక్‌లో కలుస్తుందో హెచ్ఆర్‌ని అడగండి. ఆ జవాబు రాతలో తీసుకోండి.