ఈ నెల బాక్స్ వద్దంటే ఎప్పటిలోగా చెప్పాలి?

“5వ తేదీన మీ ఖాతా నుంచి 899 రూపాయలు కట్ అవుతాయి” అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. చాలామంది చూసి వదిలేస్తారు. కొందరు మాత్రం ఉలిక్కిపడి, “ఈ నెల వద్దని చెప్పాను కదండీ!” అని షాపుకు ఫోన్ చేస్తారు. నెలనెలా ఇంటికి బాక్స్ పంపే వ్యాపారంలో సరుకు గురించి వచ్చే ఫిర్యాదులకు ఎలాగోలా సర్దిచెప్పొచ్చు. తేదీల దగ్గర మొదలైన తగాదా మాత్రం ఒక పట్టాన తెగదు.

కాఫీ పొడి, పిల్లల పుస్తకాలు, చిరుతిళ్లు ఏవైనా కావచ్చు. ఒకసారి ఒప్పుకుంటే నెలనెలా డబ్బు దానంతటదే కట్ అవుతుంది, బాక్స్ ఇంటికొస్తుంది. అమెరికాలో 2010లో మొదలైన బర్చ్‌బాక్స్ సంస్థ నెలకు పది డాలర్లకు సౌందర్య సాధనాల శాంపిళ్లు పంపి ఈ పద్ధతికి పేరు తెచ్చింది. మన దేశంలో ఈ వ్యాపారం చేసేవాళ్లు రిజర్వ్ బ్యాంకు నిబంధనలకు లోబడి నడవాలి. కస్టమర్ మొదటిసారి పిన్ లేదా ఓటీపీ కొట్టి ఆటోపేకు అనుమతివ్వాలి. దీన్నే మాండేట్ అంటారు. ఆ తర్వాత 15,000 రూపాయల వరకు ప్రతి నెలా మళ్లీ పిన్ అడగక్కర్లేదు. కాకపోతే డబ్బు తీసే ముందు, కనీసం 24 గంటలు ఉండగానే, ఎంత తీస్తున్నారో కస్టమర్‌కు తెలియాలి. పైన చెప్పిన మెసేజ్ అదే.

రాజమండ్రిలో ఓ చిన్న షాపు ఉందనుకుందాం. కందిపొడి, కరివేపాకు పొడి, ఓ పచ్చడి, జంతికలు కలిపి 899 రూపాయల బాక్స్ కట్టి హైదరాబాద్, బెంగళూరుల్లో 300 ఇళ్లకు పంపుతోంది. 5న డబ్బు తీసుకుంటారు, 8న ప్యాకింగ్, 9న కొరియర్. మరి ఈ నెల వద్దనుకున్నవాళ్లు ఎప్పటిలోగా చెప్పాలి? 4వ తేదీ రాత్రి వరకు అంటే వినడానికి ఉదారంగానే ఉంటుంది. కానీ 5న డబ్బు తీయాలంటే మెసేజ్ 4వ తేదీ ఉదయానికల్లా వెళ్లిపోయి ఉండాలి. ఆ తర్వాత కస్టమర్ ‘స్కిప్’ నొక్కితే షాపు యాప్ “ఈ నెల లేదు” అంటుంది, బ్యాంకు మెసేజ్ “899 కట్ అవుతాయి” అంటుంది. మనం బ్యాంకునే నమ్ముతాం. అందుకే తెలిసిన షాపువాళ్లు 2వ తేదీ రాత్రికి గడువు పెట్టి, 3న మెసేజ్ పంపే ఏర్పాటు చేస్తారు. గడువుకు రెండు రోజుల ముందు “ఈ నెల బాక్స్‌లో ఇవి వస్తున్నాయి, వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి” అని వాట్సాప్‌లో ఓ మాట చెబుతారు.

స్కిప్ వేరు, పాజ్ వేరు. స్కిప్ అంటే ఈ ఒక్క బాక్స్ రాదు, వచ్చే నెల 5న మామూలే. పాజ్ అంటే మీరు మళ్లీ చెప్పేదాకా, లేదా మీరు పెట్టిన తేదీదాకా అన్నీ ఆగుతాయి. మూడు నెలలకు ముందే డబ్బు కట్టినవాళ్లు ఒక నెల స్కిప్ చేస్తే ఆ బాక్స్ చివర్లో నాలుగో నెలకు జరగాలి. ఈ సంగతి రాసిపెట్టని షాపులు నెల గడిచిందని బాక్స్‌నే మింగేస్తాయి. పాజ్ తీసేటప్పుడు ఇంకో చిక్కుంది. 20వ తేదీన ‘మళ్లీ మొదలుపెట్టు’ అని నొక్కితే డబ్బు ఆ రోజే కట్ అవుతుందా, వచ్చే 5నా? ఆ బటన్ పక్కనే తేదీ రాసుండాలి.

చాలామందికి తెలియని ఇంకో విషయం: పాజ్‌లు రెండున్నాయి. షాపు యాప్‌లో ఒకటి, మన యూపీఐ యాప్‌లో ఇంకొకటి. యూపీఐలో మాండేట్‌ను ఆపితే డబ్బు పోదు, నిజమే. కానీ షాపు లెక్కలో మీ ఆర్డర్ ఇంకా బతికే ఉంటుంది. 5న వాళ్లు అడుగుతారు, బ్యాంకు కాదంటుంది, “మీ పేమెంట్ ఫెయిలైంది” అని మీకు మెసేజ్‌లు మొదలవుతాయి.

ఇక అసలు ఫెయిలైన పేమెంట్ల సంగతి. పేమెంట్ ఫెయిలైందంటే కస్టమర్ వద్దన్నాడని కాదు. ఉదయం 899 రూపాయలు ఖాతాలో లేకపోవచ్చు. మన దగ్గర చాలా ఈఎంఐలు కట్ అయ్యేదీ 5వ తేదీనే కాబట్టి, ఆ రోజును ఎంచుకోవడమే షాపు చేసిన పొరపాటని నాకనిపిస్తుంది. 2వ తేదీన పెట్టుకుని గడువును వెనక్కి జరిపితే సగం తలనొప్పి తగ్గుతుంది. బ్యాంకు సర్వర్ పనిచేయకపోవచ్చు. ఇలాంటివాటికి మళ్లీ ప్రయత్నిస్తే ఫలితం ఉంటుంది. కార్డు గడువు తీరితే, మాండేట్ రద్దయితే ఎన్నిసార్లు అడిగినా జవాబు మారదు. కార్డు విషయంలో బ్యాంకు ఓ కోడ్ పంపుతుంది: 51 అంటే డబ్బు చాలలేదు, 54 అంటే కార్డు గడువు తీరింది. మొదటిదానికి ఒకట్రెండు రోజులు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. రెండోదానికి కొత్త కార్డు పెట్టమని నేరుగా అడగాలి.

ప్రయత్నాలకూ హద్దుంది. 2025 ఆగస్టు నుంచి యూపీఐ ఆటోపేలో ఒక ప్రయత్నం, అది ఫెయిలైతే మరో మూడు మాత్రమే. అవి కూడా ఉదయం 10 నుంచి ఒంటిగంట, సాయంత్రం 5 నుంచి రాత్రి 9:30 మధ్య ఉండే రద్దీ వేళల్లో కుదరవు. కాబట్టి మన రాజమండ్రి షాపు 5న తెల్లవారి అడిగి, ఫెయిలైతే 6న, 7న మళ్లీ అడుగుతుంది. 8న ప్యాకింగ్ కనుక ఆ తర్వాత వచ్చిన డబ్బుకు 15న వెళ్లే రెండో విడతలో బాక్స్ పంపుతుంది. డబ్బు చేతికి రాకుండా బాక్స్ కట్టకూడదు. పచ్చడి సీసా వెనక్కొస్తే మళ్లీ అమ్ముకోలేరు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘పెండింగ్’. కస్టమర్ ఖాతాలో డబ్బు పోయింది, షాపుకు ఇంకా ఖబురు రాలేదు. ఫెయిలైందనుకుని మళ్లీ అడిగితే రెండుసార్లు కట్ అవుతుంది. అందుకే ప్రతి నెల బిల్లుకూ ఒకే నంబరు ఉండాలి. ఆ నంబరు మీద ముందు పేమెంట్ ఏమైందో కనుక్కుని, ఫెయిలైందని ఖాయమయ్యాకే రెండో ప్రయత్నం చేయాలి.

మెసేజ్ ఎలా రాస్తారన్నదీ ముఖ్యమే. “మీ చెల్లింపు విఫలమైంది, వెంటనే చెల్లించండి” అంటే వడ్డీవ్యాపారి గుర్తొస్తాడు. “ఆగస్టు బాక్స్‌కు డబ్బు రాలేదండి. 7లోగా వస్తే 9న పంపుతాం. ఈ నెల వద్దనుకుంటే స్కిప్ చేయండి” అంటే విషయం తేలిపోతుంది. స్కిప్ లింకు అక్కడే ఇచ్చేస్తే అమ్మకం పోతుందని కొందరి భయం. ఆ నెల బాక్స్ పోవచ్చు, మనిషి మాత్రం ఉంటాడు. లింకు దొరకనివాళ్లు మాండేట్‌నే రద్దు చేసేస్తారు, వాళ్లను మళ్లీ పిన్ కొట్టించి తెచ్చుకోవడం చాలా కష్టం. ఆపేయడాన్ని కావాలని కష్టం చేయడం నేరుగా నిబంధనల ఉల్లంఘనే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని సబ్‌స్క్రిప్షన్ ఉచ్చుగా చేర్చి నిషేధించింది.

మాండేట్ ఇచ్చేటప్పుడు తెరమీద కనిపించే గరిష్ఠ మొత్తాన్ని కూడా ఓసారి చూడండి. బాక్స్ 899 అయినా అక్కడ 2,000 అని ఉండొచ్చు. ధర పెరిగితే మళ్లీ పిన్ అడగకుండా షాపు పెట్టుకునే వెసులుబాటు అది. అంతా తీసేసుకుంటారని భయపడక్కర్లేదు, కానీ ప్రతి నెలా వచ్చే ముందస్తు మెసేజ్‌లో అసలు అంకె ఎంతో చూసుకోండి. బాక్స్ వద్దనుకుంటే ముందు షాపు యాప్‌లో ఆపి, ఆ తర్వాత యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో మాండేట్ రద్దు చేయండి.